మ్యూజియం లేకపోతే ఏం, చెంబు ఉంది కదా

"మేడమ్, హైదరాబాద్ శివార్లలో, ఇబ్రహీంపట్నం వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో ఆర్ట్ టీచర్ని. ఏడో తరగతికి ఆర్ట్ హిస్టరీ కూడా చెప్పమన్నారు. 42 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. సాలార్‌జంగ్‌కి తీసుకెళ్దామంటే బస్సు ఖర్చు, రోజంతా పోతుందని మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు. ప్రొజెక్టర్‌లో పెయింటింగులు చూపిస్తుంటే పేరు, సంవత్సరం నోట్స్‌లో రాసుకుని దిక్కులు చూస్తున్నారు. క్లాసులో ఉన్న వస్తువులు చూసి గీయిస్తూ కళా చరిత్ర చెప్పొచ్చని ఎవరో అన్నారు. అది డ్రాయింగ్ క్లాసే అవుతుంది గానీ హిస్టరీ ఎలా అవుతుంది?"

టీచర్ గారూ, మీ చివరి ప్రశ్న కరెక్టు ప్రశ్న. వస్తువు పెట్టి గీయించి, మార్కులేసి, తర్వాత "ఇప్పుడు పికాసో గురించి చెప్పుకుందాం" అంటే అది డ్రాయింగ్ క్లాసు ప్లస్ నోట్సే, రెండూ కలవవు. నేను చాలా ఏళ్ళు అలాగే చేశా కాబట్టి చెప్తున్నా. రెండూ కలిసేది ఎక్కడంటే, పిల్లలు గీసిన "తప్పుల" దగ్గర. అందుకే పది రకాల వస్తువులు చెప్పకుండా ఒక్క వస్తువు చెప్తా, చెంబు. దాని మూతి ఒక్కదాని మీద అయిదారు పీరియడ్లు నడిపించొచ్చు.

ముందు చెంబులు తెప్పించండి. ఒక్కటి తెచ్చి టీచర్ టేబుల్ మీద పెట్టి 42 మందినీ గీయమంటే పని కాదు, నేను మొదటిసారి చేసిన ఘనకార్యం అదే, వెనక బెంచీలవాళ్ళకి ముందువాళ్ళ తలకాయలు తప్ప ఏం కనపడలేదు, వాళ్ళింట్లో చెంబు గుర్తుచేసుకుని గీసేశారు. ఆరు చెంబులు, ఒక్కో దాని చుట్టూ ఏడుగురు, సగం సున్నాలా కూర్చోవాలి, చెంబుకి ఒక మీటర్ దూరంలో. పిల్లల ఇళ్ళనుంచే తెమ్మనండి, అడుగున పేరు రాసిన స్టిక్కర్ వేయండి లేకపోతే సాయంత్రం ఎవరి చెంబు ఎవరింటికి పోయిందని అమ్మలొచ్చి మిమ్మల్ని అడుగుతారు. ఇత్తడి, రాగి, సొట్టలు పోయిన పాత సిల్వర్ చెంబులైతే మంచిది. కొత్త స్టీలు చెంబు వద్దు, అందులో ట్యూబ్‌లైటూ కిటికీ వీళ్ళ మొహాలూ అన్నీ కనపడి పిల్లలు ఆ మెరుపులు గీయబోయి ఏడుపుమొహం పెడతారు. స్టీలే దొరికితే సుద్దపొడి నీళ్ళలో కలిపి పైన పల్చగా పూసి ఆరనివ్వండి, మెరుపు పోతుంది, తర్వాత కడిగేస్తే అయిపోయె. గీసేటప్పుడు లైట్లు ఆపేసి ఒకవైపు కిటికీ వెలుగు మాత్రం ఉంచండి.

మొదటి పీరియడ్‌లో పెన్సిల్ ముట్టుకోనివ్వకండి. చెంబు చేతికిచ్చి కళ్ళు మూసుకుని తడమమనండి, తర్వాత నీళ్ళు నింపి మెడ దగ్గర పట్టుకుని నడవమనండి, నడుం మీద పెట్టుకుని చూడమనండి, వంచి పోయమనండి. మెడ ఎందుకు సన్నగా ఉంది, అంచు ఎందుకు బయటికి తిరిగింది, పొట్ట ఎందుకు గుండ్రం, వాళ్ళే చెప్తారు. 1958లో చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు మన ప్రభుత్వం అడిగితే ఒక రిపోర్ట్ రాశారు, ఇండియాలో తాము చూసిన వస్తువులన్నిట్లో గొప్పది, అందమైనది లోటా, అంటే మన చెంబు, అని అందులో ఉంది. ఎన్ని నీళ్ళు పట్టాలి, ఏ చేత్తో మోయాలి, తల మీదా నడుం మీదా, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎటు తూగుతుంది, ఇలా ప్రశ్నలు వేసుకుంటూ పోయి, దీన్ని ఒక మనిషి డిజైన్ చేయలేదు, తరతరాలుగా ఎంతోమంది చేశారు అన్నారు. ఆ రిపోర్ట్ నుంచే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్.ఐ.డి. అనే డిజైన్ కాలేజీ వచ్చింది. పిల్లలు చెంబుతో నడిచి చూశాక ఈ సంగతి చెప్పండి, ముందు చెప్తే నోట్స్‌లోకి పోతుంది అంతే.

రెండో పీరియడ్‌లో గీయించడం. బెంచీ మీద చెంబు పెట్టి, ఏమీ నేర్పకుండా, "మీకు కనపడినట్టు గీయండి" అని ఊరుకోండి. కరెక్ట్ చేయాలని చేతులు దురద పెడతాయి, చేయొద్దు. ఎందుకంటే ఆ పీరియడ్ చివర్లో మీకు కావలసింది బాగా గీసిన బొమ్మలు కాదు, 42 రకాల మూతులు.

అన్నీ గోడకి అంటించి చూడండి, చాలావరకు మూడు గుంపుల్లో పడతాయి. ఒకటి, మూతి నిండు సున్నా, అడుగు స్కేలు పెట్టి గీసినట్టు సమంగా ఉంటుంది. రెండోది, మూతి కోలగా ఉంటుంది గానీ రెండు చివర్లా మొన తేలి అచ్చం మనిషి కన్నులా ఉంటుంది, అడుగు మళ్ళీ సమంగానే. మూడోది, మూతి కోలగా మెత్తగా తిరిగి, అడుగు కూడా వంపు తిరిగి ఉంటుంది, ఇవి తక్కువ. ఇంక నాలుగో రకం కూడా ఒకటో రెండో దొరుకుతాయి, మూతే లేకుండా పైన ఒక గీత గీసేసినవి, వాటిని పారేయకండి, పని పడుతుంది.

మొదటి గుంపులో ఒక బొమ్మ తీసుకుని ఆ పిల్లనే అడగండి, మూతి ఇంత గుండ్రంగా కనపడిందా అని. నా క్లాసులో ఒక పిల్ల "కనపడలే మేడం, కానీ అది గుండ్రంగనే ఉంటది కదా" అంది. అంతే, మీ చరిత్ర పాఠం ఇక్కడ మొదలవుతుంది. ఆ పిల్ల కంటికి కనపడింది కాదు, చెంబు గురించి తనకి తెలిసింది గీసింది, మూతి గుండ్రం, అడుగు బల్ల మీద సమంగా ఆనుతుంది. రెండూ నిజాలే. రెండూ ఒకే చోటునుంచి కనపడవు అంతే, మూతి నిండు సున్నాగా కనపడాలంటే సరిగ్గా పైనుంచి చూడాలి, అడుగు గీతలా కనపడాలంటే కన్ను బల్ల మట్టానికి దించాలి.

ఇప్పుడు ఒక్క ప్రింట్ చూపించండి, ఒక్కటే. ఈజిప్టులో నెబమున్ అనే ఉద్యోగి సమాధి గోడ మీద గీసిన తోట బొమ్మ, క్రీ.పూ. 1350 ప్రాంతం నాటిది, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కొలను పైనుంచి చూసినట్టు నిండు దీర్ఘచతురస్రంలా ఉంటుంది, అందులో చేపలు, బాతులు మాత్రం పక్కనుంచి చూసినట్టు ఉంటాయి. పిల్లలు రెండు నిమిషాల్లో పట్టేస్తారు, "ఇది మన సున్నా చెంబే" అని. ఎందుకలా గీశాడు అని అడగండి. ఆ బొమ్మ ఎవరో నిలబడి చూసి మెచ్చుకోవడానికి గీసింది కాదు, చనిపోయిన మనిషికి ఆ లోకంలో ఆ తోట ఉండాలని గీసింది, అప్పుడు చేప సగం కనపడి సగం దాక్కుంటే లాభం లేదు, ప్రతీదీ పూర్తిగా, గుర్తుపట్టేలా ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. "పిల్లలు గీసినట్టే ఆ కాలం మనుషులు గీశారు" అని నోరుజారకండి. పాత పుస్తకాల్లో ఈ మాట బాగా కనపడుతుంది, పిల్లవాడి ఎదుగుదలా మనిషిజాతి ఎదుగుదలా ఒకటే అనే ఆలోచన, అది తప్పు. ఈజిప్టు చిత్రకారుడు ఏళ్ళ తరబడి శిక్షణ తీసుకుని, గోడ మీద గళ్ళు కొట్టుకుని, నియమం ప్రకారం గీసేవాడు. మన పిల్ల అలవాటుకొద్దీ గీసింది. ఫలితం దగ్గరగా కనపడుతుంది, కారణం వేరు. అలవాటు ఏది, ఎంచుకున్నది ఏది అని తేల్చుకోవడమే ఈ పాఠం అంతా.

ఎంచుకున్నారని ఎలా తెలుస్తుంది అని ఒక తెలివైన పిల్లాడు అడుగుతాడు, అడగకపోతే మీరే అడగండి. దానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. మొఘల్, దక్కనీ మినియేచర్లు చాలావాటిల్లో తివాచీ పైనుంచి చూసినట్టు నిటారుగా పరిచి ఉంటుంది, దాని మీద కూర్చున్న మనిషి మాత్రం పక్కనుంచి, పక్కన పెట్టిన సురాహీ కూజా కూడా పక్కనుంచి. వీళ్ళకి వేరే పద్ధతి తెలీక కాదు. 1580లో జెస్యూట్ పాదిరీలు అక్బర్ కొలువుకి వచ్చి బొమ్మలున్న బైబిల్ ఇచ్చారు, యూరప్ ప్రింట్లు కొలువులో తిరిగాయి, మొఘల్ చిత్రకారులు వాటిని చూసి కాపీలు కూడా చేశారు, దూరంగా పొగమంచులో ఊళ్ళు, తల వెనక వెలుగు చక్రం, నీడలు, ఇవన్నీ తీసుకున్నారు. అయినా తివాచీని మాత్రం చాలాచోట్ల నిటారుగానే ఉంచారు, ఎందుకంటే తివాచీ అల్లిక మొత్తం కనపడాలి, దాన్ని వాల్చేస్తే ఆ పనితనం నలిగిపోతుంది. కావలసింది తీసుకుని అక్కర్లేనిది వదిలేశారు, అదీ ఎంచుకోవడం.

మూడో పీరియడ్‌లో రెండో గుంపు, అంటే కన్ను ఆకారం మూతులు. దీనికి గాజు చాలు, ఏ అమ్మాయి చేతికైనా ఉంటుంది. గాజుని మొహానికి ఎదురుగా పట్టుకుంటే సున్నా, మెల్లగా వాల్చుతూ పోతే కోల, ఇంకా వాల్చితే సన్న కోల, చివరికి గీత. ఎంత సన్నబడినా చివర్లలో మొన తేలదు, గుండ్రంగానే మళ్ళుతుంది, ఆ మళ్ళే చోటు మీద వేలు పెట్టి చూపించమనండి. ఎంత చెప్పినా పోని మొనలు గాజు తిప్పితే పోతాయి.

తర్వాత కొలత. చెయ్యి మోచెయ్యి వంచకుండా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మొన మూతికి ఒక చివర పెట్టి రెండో చివర దగ్గర బొటనవేలు గోరు ఆపాలి, అది వెడల్పు. అదే విధంగా మూతి తెరుచుకున్న ఎత్తు కొలవాలి. ఎత్తు వెడల్పులో ఎన్నిసార్లు పడుతుంది, అదొక్కటే లెక్క. బెంచీ మీద కూర్చున్న ఏడో తరగతి పిల్లల కన్ను నేలనుంచి సుమారు 110 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, చెంబు ఎత్తు 12 సెం.మీ., బెంచీ ఎత్తు 75 అనుకోండి, మీటర్ దూరంలో. అప్పుడు మూతి ఎత్తు వెడల్పులో దాదాపు నాలుగున్నర సార్లు పడుతుంది. అదే చెంబు నేల మీద పెడితే ఒకటిన్నర సార్లు కూడా పట్టదు, సున్నాకి దగ్గరగా వచ్చేస్తుంది. బెంచీ మీదే ఒక జానెడు ఎత్తు పుస్తకాలు పేర్చి పైన పెడితే మూతి గీత అయిపోతుంది, అంటే మూతీ కన్నూ ఒకే మట్టంలోకి వచ్చాయన్నమాట. ఇప్పుడు ఆ నాలుగో రకం బొమ్మ తీయండి, పైన గీత మాత్రమే గీసింది. వాడు బద్ధకంతో గీశాడో, లేక నిజంగానే బాగా వంగి కూర్చుని గీశాడో వాడినే అడగండి. నా దగ్గర ఒకడు గడ్డం బల్ల మీద ఆనించి గీసేవాడు, వాడి గీత నూటికి నూరుపాళ్ళు కరెక్టు, అంతకుముందు సంవత్సరం అలాంటి బొమ్మకే నేను మార్కులు కోసేశా.

ఇంకోటి, ఇది చాలామంది డ్రాయింగ్ టీచర్లు కూడా మర్చిపోతారు. అడుగు మూతికంటే ఇంకా కిందికి ఉంది కాబట్టి అడుగు వంపు మూతి వంపుకంటే ఎక్కువ గుండ్రంగా ఉండాలి. పైన చెప్పిన లెక్కలో మూతి నాలుగున్నరకి ఒకటి అయితే అడుగు మూడుకి ఒకటి. పిల్లలు అడుగుని సమంగా గీస్తారు కదా, సరిగ్గా తిరగేసి ఉంటుంది. చెంబు అడుగున ఆనే అంచు కాస్త లోపలికి ఉంటే ఇది సరిగా కనపడదు, గ్లాసు పక్కన పెట్టి చూపించండి.

నాలుగో పీరియడ్‌లో కిటికీ. అద్దం ఉన్న కిటికీకి అవతల చెంబు పెట్టి ఇవతల అద్దం మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో ఉన్నది ఉన్నట్టు గీయించాలి. అద్దాల కిటికీలు లేకపోతే పాత ఫోటో ఫ్రేమ్ అద్దమైనా, పరీక్ష అట్టకి మధ్యలో కోసి ట్రాన్స్‌పరెంట్ షీట్ అంటించినా సరిపోతుంది, దాన్ని కదలకుండా ఇద్దరు పట్టుకోవాలి. అద్దం అంచులకి ముందే టేపు చుట్టండి. గీసేవాడు గడ్డం కింద పుస్తకాలు పేర్చుకుని తల కదపకూడదు, ఒక కన్ను మూసుకోవాలి. రెండు కళ్ళూ తెరిస్తే చెంబు రెండుగా కనపడి గీతలు జత కుదరవు, తల అంగుళం కదిలినా మూతి ఒకచోట పొట్ట ఒకచోట వస్తుంది. వాళ్ళని ఒకసారి కావాలనే కదపనివ్వండి, ఆ పాడైపోయిన బొమ్మ కూడా దాచుకోండి.

గీశాక పిల్లలందరూ ఒకే మాట అంటారు, ఇంత చిన్నగా వచ్చిందేంటి అని. పది సెంటీమీటర్ల మూతి మీటర్ దూరంలో ఉండి, అద్దం కంటికి 30 సెం.మీ. దూరంలో ఉంటే అద్దం మీద మూడు సెంటీమీటర్లే వస్తుంది. నమ్మరు, స్కేలు పెట్టి కొలుస్తారు, కొలవనివ్వండి.

అప్పుడు రెండో ప్రింట్. జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అనే చిత్రకారుడు 1525లో కొలతల మీద ఒక పుస్తకం వేశాడు, అందులో చెక్క మీద చెక్కి అచ్చేసిన ఒక బొమ్మలో చిత్రకారుడు సరిగ్గా ఇదే పని చేస్తుంటాడు, ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే మధ్యలో అద్దం పెట్టుకుని, కన్ను ఒకేచోట నిలబడేలా కంటి దగ్గర ఒక ఆసరా పెట్టుకుని గీస్తుంటాడు. పిల్లలు ఆ ఆసరా ఎందుకో మీకే చెప్తారు, ఇప్పుడే తల కదిలించి బొమ్మ పాడుచేసుకున్నారు కదా. దానికి తొంభై ఏళ్ళ ముందు, 1435లో, ఇటలీలో ఆల్బెర్టి అనే ఆయన బొమ్మ అంటే తెరిచిన కిటికీ లాంటిది అని రాశాడు, పల్చటి గుడ్డ మీద దారాలతో గళ్ళు కట్టి దాన్ని మధ్యలో పెట్టుకుని గీయమన్నాడు. పర్స్‌పెక్టివ్ అనే పెద్ద మాట ఇక్కడ వాడండి, అంతకుముందు వద్దు. ఒక కన్ను, కదలని తల, మధ్యలో అద్దం, ఈ మూడు షరతులు ఒప్పుకుంటేనే పర్స్‌పెక్టివ్ పనిచేస్తుంది అని పిల్లలకి ఒంటితో తెలిసింది. మనం మామూలుగా అలా చూడం కదా, తల తిప్పుతూ రెండు కళ్ళతో చూస్తాం. అందుకే ఈ పద్ధతి "కరెక్ట్", మిగతావి "తప్పు" అనడానికి లేదు, ఇదీ ఇంకో ఎంపికే.

అయిదో పీరియడ్ నాకు బాగా ఇష్టం. చెంబు బెంచీ మీదే ఉంచి, సగం పీరియడ్ కూర్చుని పొట్టా అడుగూ గీయించి, మిగతా సగం నిలబెట్టి అదే కాగితం మీద మూతి గీయించండి. మూతి బాగా తెరుచుకుని పైనుంచి కనపడుతుంది, పొట్ట ఎదురుగా ఉంటుంది, చెంబు కొద్దిగా మీదికి ఒరిగినట్టు వింతగా అనిపిస్తుంది గానీ పడిపోదు. అప్పుడు ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ 1893 ప్రాంతంలో వేసిన యాపిల్స్ బుట్ట పెయింటింగ్ చూపించండి, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. మధ్యలో బట్ట ఉంటుంది, ఆ బట్టకి ఎడమవైపు బల్ల అంచు ఒక ఎత్తులో ఉంటే కుడివైపు అంచు ఇంకో ఎత్తులో ఉంటుంది, రెండూ స్కేలు పెట్టి కలిపితే కలవవు. సీసా ఒకవైపు ఒరిగి ఉంటుంది. కాగితం అంచు పెట్టి చూడమనండి, ఎంత గోల చేస్తారో చూడండి. "ఆయనకి గీయడం రాదా మేడం" అని ఎవరో ఒకరు అంటారు, మీరు సమాధానం చెప్పకండి, వాళ్ళ చేతిలో ఉన్న కాగితం చూసుకోమనండి. ఆయన తర్వాత పదిహేనేళ్ళకి బ్రాక్, పికాసో అనే చిత్రకారులు గ్లాసుల మూతినీ పక్కనీ ముక్కలుగా కలిపేశారంటే అది ఎక్కడనుంచి వచ్చిందో విడిగా చెప్పక్కర్లేదు.

ప్రింట్ల సంగతి కాస్త. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ దగ్గరున్న పాత పనుల ఫోటోలు చాలావరకు ఫ్రీగా ఇస్తాయి, పేజీలో CC0 అనో Public Domain అనో ఉంటే పెద్ద సైజు డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీసుకోవచ్చు. కలర్ జిరాక్స్ షాపులో రంగులు మారిపోతాయి, పసుపు ఆకుపచ్చ అయిపోతది, కాబట్టి ఆ ప్రింట్ పెట్టి రంగుల గురించి మాట్లాడొద్దు, గీత, కోణం గురించే మాట్లాడండి. ప్రొజెక్టర్‌తో ఉన్న అసలు ఇబ్బంది పిల్లలు దిక్కులు చూడటం కాదండీ, సైజు. అరచేతిలో పట్టే మినియేచరూ, గోడంత బొమ్మా తెర మీద ఒకే సైజులో కనపడతాయి. అందుకే నేను మినియేచర్‌ని అసలు సైజులోనే ప్రింట్ తీసి చేతికి ఇస్తా, ఆ పేజీలోనే సెంటీమీటర్లు రాసి ఉంటాయి. పెద్దవైతే బోర్డు మీద సుద్దముక్కతో అసలు సైజు చట్రం గీసి పక్కన A4 ప్రింట్ అంటిస్తా. సెజాన్‌ది 65 బై 80 సెం.మీ., మీ బెంచీ మీద పట్టేస్తుంది, పిల్లలు అంత చిన్నదా అని ఆశ్చర్యపోతారు, పుస్తకాల్లో పేరుంటే పెద్ద బొమ్మే అనుకుంటారు కాబట్టి.

మన దగ్గరిది కూడా ఒకటి పెట్టండి, చేర్యాల పటం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు వేస్తారు, ఖాదీ బట్టకి చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసి ఆ మీద బొమ్మలు, వెనకంతా ఎరుపు. అసలు పటం అయితే పొడుగ్గా చుట్టగా ఉంటుంది, కథ చెప్పేవాళ్ళు ఒక్కో అడ్డం వరస విప్పుతూ చెప్పేవాళ్ళు. దీనికి అదే ప్రశ్న వేయండి, చిత్రకారుడి కన్ను ఎక్కడుంది? పిల్లలు ఎత్తుల గురించి కొట్టుకుంటారు, చివరికి ఎక్కడా లేదంటారు. మరి చూసేవాళ్ళు ఎక్కడున్నారు అని అడగండి. నేల మీద, గుంపుగా, దూరంగా కూర్చుని కథ వింటున్నారు. ఒక్కో మనిషికి ఒక్కో కోణంలో ఉన్నప్పుడు ఒకే కంటికి కట్టేసిన బొమ్మ వాళ్ళకెందుకు, దూరంనుంచి ఎవరు ఎవరో తెలియాలి, ఎరుపు మీద పెద్ద ఒళ్ళు, పెద్ద కళ్ళు, అది కావాలి. సిటీలో చేనేత, హస్తకళల ఎగ్జిబిషన్ ఏదైనా జరిగితే చిన్న చేర్యాల ముక్క ఒకటి కొనుక్కోండి, ప్రింట్ కాకుండా అసలు వస్తువు క్లాసులో ఒక్కటైనా ఉండాలి, బట్ట మీద ఆ పూత గరుకు వేలితో తగలాలి.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. శిల్పం చుట్టూ నడవడం, గుడి లోపల చీకటి, పెయింటింగ్ మీద కుంచె గరుకు, ఇవి చెంబుతో రావు. వరసగా కాలక్రమం కూడా రాదు, మీ సిలబస్‌లో అజంతానుంచి బెంగాల్ స్కూల్ దాకా పట్టిక ఉంటే అది విడిగా ఒక పీరియడ్‌లో చెప్పి వదిలేయండి. సంవత్సరానికి ఇలాంటివి మూడు నాలుగు వస్తువులకి మించి పెట్టుకోకండి. చెంబు తర్వాత నేను మడతపెట్టిన దుప్పటి పెడతా, బట్ట మడతలు, అది వేరే కథ, అడిగితే ఇంకోసారి రాస్తా.

పరీక్ష గురించి మేనేజ్‌మెంట్ అడుగుతుంది కదా, నోట్స్‌లో ఏముందని. నేనైతే పిల్లలు ఎప్పుడూ చూడని ఒక బొమ్మ ఇచ్చి మూడు పనులు చెప్తా. చిత్రకారుడి కన్ను ఏ ఎత్తులో ఉందో పక్కన గీత గీసి చూపించు, ఒకటికంటే ఎక్కువ ఎత్తులుంటే అన్నీ చూపించు. అలా గీయడం వల్ల మనకి ఏం ఎక్కువ తెలిసింది, ఏం దాగిపోయింది, రెండు వాక్యాలు రాయి. అదే వస్తువు నువ్వు కూర్చున్న చోటునుంచి ఎలా కనపడేదో చిన్నగా గీయి. సంవత్సరం అడగను, బొమ్మ కింద నేనే రాసిస్తా.

కన్ను ఎత్తు గీత సరిగ్గా గీసి, రెండో ప్రశ్నకి "ఇది బాగా గీయలేదు, పర్స్‌పెక్టివ్ తప్పు" అని రాశారంటే పాఠం సగమే ఎక్కిందని అర్థం, నాలుగో పీరియడ్ దగ్గరే ఆగిపోయారు, వాళ్ళకి సెజాన్ మళ్ళీ చూపించాలి. పోయినసారి నేను ఒక దక్కనీ బొమ్మ ఇచ్చా, మేడ మీద తివాచీ, దాని మీద ఒకావిడ, పక్కన పళ్ళెంలో పళ్ళు. మొదటిరోజు సున్నా మూతి గీసిన ఆ పిల్లే కాగితం పక్కన రెండు గీతలు గీసింది, తివాచీకి పైనొకటి, ఆవిడకి మొహం దగ్గరొకటి. కింద ఇలా రాసింది: "తివాచీ కోసం పైకెక్కిండు, మనిషి కోసం కిందికి దిగిండు, పళ్ళెం మర్చిపోయిండు." పళ్ళెం మళ్ళీ చూశా, అది ఏ మట్టానికీ సరిపోలేదు, ఆ పిల్ల చెప్పేదాకా నేను గమనించనేలేదు.